పాత ప్రాజెక్టుల నుంచి ఎడిటింగ్ రీల్: మేడమ్‌ను అడిగింది, ఆమె చెప్పింది, నేను చేసింది

డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చేసరికి నేను ఎడిట్ చేసిన పని హార్డ్ డిస్కుల్లో చాలానే ఉంది. అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరాలని ఎవరిని కలిసినా మొదట అడిగేది మాత్రం రీల్, అంటే చేసిన పనుల్లోంచి ఎంచిన భాగాలతో కూర్చిన చిన్న వీడియో. మా కాలేజీ వర్క్‌షాప్‌లో ఎడిటింగ్ నేర్పిన మేడమ్ హైదరాబాద్ కృష్ణానగర్‌లోని ఒక ఎడిట్ సూట్‌లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. ఆమెకు ఫోన్ చేస్తే పనిలో ఉంటారని, సందేశం రాస్తే తీరిక చూసుకుని జవాబిస్తారని తెలుసు. అందుకే అడగదలచుకున్నదంతా ఒకేసారి రాశాను. ఒక్కొక్క ప్రాజెక్టుకు సంబంధించి, షూటింగ్‌లో తీసిన అసలు ఫుటేజీ అంటే రషెస్ సహా, నా దగ్గర ఏమి మిగిలి ఉందో చెప్పకుండా రీల్ ఎలా చేయాలని అడిగితే ఎవరూ సరైన సమాధానం ఇవ్వలేరనిపించి, ముందు ఆ లెక్క తేల్చుకున్నాను. పంపిన సందేశం ఇది.

"మేడమ్, నమస్కారం. అసిస్టెంట్ ఎడిటర్ పనికి ప్రయత్నిస్తున్నాను. పాత ప్రాజెక్టుల నుంచి రీల్ తయారు చేసుకోవాలి. నా దగ్గర నాలుగు పనులు ఉన్నాయి. మొదటిది, అక్కాతమ్ముళ్ల కథతో తీసిన షార్ట్ ఫిల్మ్. దీనికి ప్రీమియర్ ప్రో ప్రాజెక్టు ఫైల్ ఉంది. రషెస్ నా దగ్గర లేవు, డైరెక్టర్ దగ్గర ఉన్నాయి, ఇస్తానన్నాడు. రెండవది, నల్లగొండ జిల్లాలో ఒక గీత కార్మికుడిపై తీసిన డాక్యుమెంటరీ. దీని రషెస్, ప్రాజెక్టు రెండూ ఉన్నాయి, అయితే కొన్ని షాట్లు ఫోన్‌తో తీసినవి. మూడవది, హెల్మెట్ వాడకంపై కాలేజీ కోసం చేసిన 30 సెకన్ల ప్రకటన. నాలుగవది, ఒక స్టూడియోలో మిక్సింగ్ పనికి సాయపడినప్పటి పెళ్లి వీడియో. దీనికి సినిమా పాటతో కలిపి ఎక్స్‌పోర్ట్ చేసిన ఒక్క ఫైలే మిగిలింది.

ఈ నాలుగింటిలోని మంచి షాట్లన్నీ తీసి ఒక పాట మీద పేర్చాలా, లేక సన్నివేశాలను ఉన్నవి ఉన్నట్టుగా చూపించాలా అన్నది నా మొదటి ప్రశ్న. షార్ట్ ఫిల్మ్ సన్నివేశం మూడు నిమిషాలకు పైగా ఉంది. దాన్ని రీల్ కోసం మళ్లీ కట్ చేయవచ్చా? పెళ్లి వీడియోను పెట్టవచ్చా? ఏ ప్రాజెక్టును ఎంత మేరకు తిరిగి తెరవాలో మీరు చెబితే ఆ పని మొదలుపెడతాను."

మేడమ్ జవాబు ఆ రాత్రే వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. ఆమె ముందుగా తేల్చింది పాట మీద షాట్లు పేర్చే సంగతి. "అది కెమెరామన్ రీల్ అవుతుంది. నువ్వు పేర్చిన షాట్ బాగుందంటే ఆ మెప్పు దాన్ని తీసినవాళ్లది. ఎడిటర్ రీల్ చూసేవాళ్లకు కావలసింది, ఒక మనిషి మాట్లాడుతుంటే నువ్వు ఎవరి ముఖం మీద ఉన్నావు, ఎంతసేపు ఉన్నావు, ఎక్కడ వదిలావు అన్నది. అది తెలియాలంటే కనీసం అర నిమిషమైనా మాటలతో సహా సన్నివేశం నడవాలి" అన్నారు. పెళ్లి వీడియోను పక్కన పెట్టేయమన్నారు. అందులో స్లో మోషన్, డ్రోన్ షాట్లు తప్ప ఎడిటర్ నిర్ణయం కనిపించే చోటు తక్కువ. పాట చిత్రంతో కలిసిపోయి ఉంది కాబట్టి ఎక్కడ కోసినా సంగీతం తెగుతుంది, దానిపై హక్కులూ మనవి కావు. పైగా సాయం చేసిన పనికి ఎడిటింగ్ అని నా పేరు వేసుకోవడం తగదన్నారు. సన్నివేశాన్ని మళ్లీ కట్ చేయడం గురించి ఆమె చెప్పింది నాకు బాగా ఉపయోగపడింది. లోపలి కట్‌లను కదపకుండా, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో మాత్రమే నిర్ణయించుకోమన్నారు. లోపల మార్చితే అది డైరెక్టర్ ఒప్పుకున్న ఎడిట్ కాకుండా పోతుంది, రేపు ఎవరైనా పూర్తి సినిమా చూస్తే రెండూ కలవవు.

అలా పని మూడు ప్రాజెక్టులకు తగ్గింది. ఎక్కువ సమయం పట్టింది షార్ట్ ఫిల్మ్‌కు. పూర్తయిన సినిమా ఫైల్ నా దగ్గర ఉన్నా దాని నుంచి నేరుగా ముక్క కోసుకునే వీలు లేదు. అందులో ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, మాటలతో కలిసిపోయి ఉంది. నేను ఎంచుకోబోయే భాగానికి ముందే మొదలైన సంగీతం ఆ భాగం మధ్యలో ఆగుతుంది. కాబట్టి మాటలు, ఎఫెక్ట్స్, ఆర్.ఆర్. విడివిడి ట్రాకుల్లో ఉన్న అసలు టైమ్‌లైన్ కావాలి. అంటే ప్రాజెక్టును తిరిగి ప్రాణంతో లేపాలి.

డైరెక్టర్ ఇచ్చిన రషెస్‌ను నా డిస్కులోకి ఎక్కించుకుని ప్రాజెక్టు తెరిస్తే, ప్రతి క్లిప్పూ `Media Offline` అని ఎర్రగా చూపించింది. ఫైళ్లు ఉన్న దారి మారింది కాబట్టి అది సహజమే. ప్రీమియర్‌లో `Link Media` విండో తెరిచి ఒక ఫైల్‌ను చూపిస్తే, అదే ఫోల్డర్‌లో ఉన్న మిగతావాటిని అది తానే వెతుక్కుంటుంది. చిక్కంతా ఫైల్ పేర్ల దగ్గర ఉంది. మేము వాడిన సోనీ కెమెరా కార్డులో మొదటి క్లిప్ పేరు `C0001.MP4`. కార్డు మార్చినప్పుడు మళ్లీ అదే పేరుతో మొదలైంది. షూటింగ్ జరిగిన ప్రతి రోజు ఫోల్డర్‌లోనూ ఒక `C0001.MP4` ఉంది. పేరు ఒక్కటే చూసి కలిపితే, వంటింట్లో ఉండాల్సిన అక్క స్థానంలోకి బస్టాండ్‌లో నిలబడ్డ తమ్ముడు వచ్చేస్తాడు. అంత తేడా ఉంటే వెంటనే కనిపెట్టవచ్చు. అదే సన్నివేశంలో వేరే టేక్ వచ్చి కూర్చుంటేనే ప్రమాదం. నటి అదే, చీర అదే, మాట కూడా అదే. చూపు మాత్రం వేరు. దీనికి ఆ విండోలోనే `Media Start` అనే గడిని టిక్ చేయాలి. అప్పుడు పేరుతోపాటు క్లిప్ మొదలయ్యే టైమ్‌కోడ్, అంటే కెమెరా ఫ్రేములకు వేసిన సమయపు అంకె కూడా సరిపోలితేనే కలుపుతుంది.

అయినా కంటితో సరిచూసుకోవడానికి మేడమ్ చెప్పిన ఉపాయం ఒకటుంది. పూర్తయిన సినిమా ఫైల్‌ను టైమ్‌లైన్‌లో అన్నిటికన్నా పై ట్రాక్‌లో, మొదటి ఫ్రేమ్ సరిగ్గా కలిసేలా పెట్టాలి. దాని బ్లెండ్ మోడ్‌ను `Difference` చేయాలి. పై చిత్రానికీ కింది చిత్రానికీ తేడా లేని చోట తెర నల్లబడుతుంది. మా సినిమాకు రంగుల దిద్దుబాటు వేరేచోట జరిగింది కాబట్టి పూర్తిగా నల్లగా కాక, మసక బూడిద రంగులో కనిపించింది. షాట్ సరైనదైతే ఆ బూడిద రంగు కదలకుండా నిలకడగా ఉంటుంది. ఫ్రేమ్ తేడా వచ్చినా, టేక్ మారినా, ముఖం చుట్టూ రెండో గీత వెలుగుతూ కనిపిస్తుంది. అక్క గ్యాస్ పొయ్యి వైపు తిరిగే షాట్‌లో ఆమె చెవి పక్కన అలాంటి గీత కనిపించింది. తెరిచి చూస్తే టేక్ సరైనదే గానీ చిత్రం రెండు ఫ్రేములు వెనకబడి ఉంది. దాన్ని జరపగానే గీత మాయమైంది. ఈ పద్ధతి లేకపోతే ఆ రెండు ఫ్రేములను నేను ఎప్పటికీ పట్టుకోగలిగేవాణ్ని కాదు.

ఇక ఎంపిక. అది ఏడో సన్నివేశం. ఊళ్లోని ఇల్లు అమ్మేద్దామని తమ్ముడు వంటింట్లో అక్కతో అంటాడు. మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరూ గట్టిగా అరుచుకుంటారు. రీల్‌కు ఆ అరుపులే బాగుంటాయని ఎవరికైనా అనిపిస్తుంది. మేడమ్ వద్దన్నారు. అరుపుల్లో నటులే సన్నివేశాన్ని లాక్కుపోతారు, ఎడిటర్ అటూ ఇటూ కట్ చేస్తే చాలు. నాకు ఆ సన్నివేశంలో ఇష్టమైన చోటు దానికి ముందు ఉంది. "అమ్మేద్దాం అక్కా" అని అతనంటాడు. ఆమె జవాబివ్వదు, పొయ్యి మంట తగ్గిస్తుంది. ఆమె చెయ్యి మీద ఒక షాట్, తర్వాత ఆమె ముఖం మీద దాదాపు రెండు సెకన్లు. అక్కడి నుంచి తిరిగి తమ్ముడి మీదికి వచ్చాక, అతని ముఖం కనిపిస్తుండగానే "నాన్న ఉంటే అడిగేవాడివా?" అన్న ఆమె గొంతు మొదలవుతుంది. మాట సగానికి వచ్చాక చిత్రం ఆమె మీదికి మారుతుంది. మాటను చిత్రం కన్నా ముందు లాగడం వల్ల ఆ ప్రశ్న అతనికి తగలడం మనకు కనబడుతుంది. ఆమె ముఖం మూడో టేక్‌ది. మాట ఐదో టేక్‌ది, ఎందుకంటే మూడో టేక్‌లో ఆమె ఆ మాటను తొందరగా అనేసింది. ముఖం కనిపించని చోట మాట మొదలవుతుంది కాబట్టే ఆ రెండు టేకులూ కలిశాయి.

ఈ భాగాన్ని మొత్తంగా నలభై సెకన్లకు తీసుకున్నాను. కథ తెలియనివాళ్లకు అర్థం కావాలంటే అమ్మేద్దాం అన్న మాట వినిపించాలి కాబట్టి దానికి ఒక షాట్ ముందు మొదలుపెట్టి, ఆమె ప్రశ్న తర్వాత అతను తల దించుకునేంత వరకు ఉంచాను. ఆర్.ఆర్. ట్రాక్ విడిగా ఉండటం వల్ల దాన్ని మూసేశాను. వంటింటి శబ్దం, పొయ్యి సద్దు, మాటలు మాత్రమే మిగిలాయి. సంగీతం లేకపోతే ఆ రెండు సెకన్ల మౌనం తేలిపోతుందేమోనని సందేహం ఉండేది. విన్నాక అది ఇంకా బరువుగా ఉందనిపించింది. ఒక సన్నివేశం సంగీతం లేకుండా నిలుస్తుందో లేదో ఇలా తెలుసుకోవడం రీల్‌కే కాదు, ఎడిట్ లాక్ చేసే ముందు కూడా అవసరమని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

డాక్యుమెంటరీ నుంచి నలభై అయిదు సెకన్లు తీసుకున్నాను. గీత కార్మికుడు చెట్టెక్కడానికి వాడే మోకు, ముత్తాదు సర్దుకుంటూ, కత్తి నూరుకుంటూ మాట్లాడే భాగం అది. ఆయన మాటలు వేర్వేరు సందర్భాల్లో చెప్పినవి. వాటిని ఒక్క జవాబులా వినిపించేలా కలిపాను. కలిపిన ప్రతిచోటా కత్తి నూరే చేతులో, చెట్టుకు వేలాడే కల్లు లొట్టో చూపించాను. చిత్రం దగ్గర ఇబ్బంది లేదు. ధ్వని దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు చెప్పిన వాక్యం పక్కన గాలి లేనప్పుడు చెప్పిన వాక్యం వస్తే, తాటాకుల చప్పుడు ఒక్కసారిగా ఆగి, కట్ ఎక్కడుందో చెవి పట్టేస్తుంది. అక్కడే రికార్డు చేసుకున్న యాంబియన్స్‌ను, అంటే పరిసరాల శబ్దాన్ని, మాటల కింద ఆద్యంతం పరిచి, ప్రతి అతుకు దగ్గరా ఒక ధ్వని తగ్గుతుండగా మరొకటి పెరిగేలా కొన్ని ఫ్రేముల క్రాస్‌ఫేడ్ ఇస్తే ఆ అతుకులు కలిసిపోయాయి. ఊపిరి పీల్చిన శబ్దాన్ని మాత్రం కోయకూడదు. ఊపిరి లేకుండా వాక్యం మొదలైతే మనిషి మాట్లాడినట్టు ఉండదు.

ఇందులో ఆయన చెట్టెక్కే షాట్ ఫోన్‌తో తీసింది. ఫోన్లు చాలావరకు ఫ్రేము వేగాన్ని స్థిరంగా ఉంచవు. అందుకని దాన్ని ముందుగా సెకనుకు 30 ఫ్రేముల స్థిర వేగానికి మార్చుకున్నాను. రీల్ టైమ్‌లైన్ 25 ఫ్రేములది. 30 ఫ్రేముల షాట్‌ను అలాగే అందులో పెడితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోయి, ఎక్కే మనిషి చిన్నగా తూలినట్టు కనిపిస్తాడు. ఆ షాట్‌లో మాటలు లేవు కాబట్టి వేగాన్ని 83.33 శాతానికి తగ్గించాను. అప్పుడు ఒక్క ఫ్రేమూ పోదు. ఆరు సెకన్ల షాట్ 7.2 సెకన్లు అవుతుంది, కదలిక కాస్త నెమ్మదిస్తుంది. చెట్టెక్కడానికి ఆ నెమ్మది సరిగ్గా సరిపోయింది.

షార్ట్ ఫిల్మ్‌ది దీనికి ఎదురు సమస్య. అది 24 ఫ్రేముల్లో తీసింది. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అలాగే వదిలేస్తే సెకనుకు ఒక ఫ్రేము రెండుసార్లు కనిపించి, కెమెరా పక్కకు కదిలేచోట కుదుపు వస్తుంది. ఆ భాగాన్ని ఒక ఫైల్‌గా తీసి, వేగాన్ని 104.17 శాతానికి పెంచి, గొంతు సన్నబడకుండా `Maintain Audio Pitch` టిక్ చేశాను. నలభై సెకన్ల భాగం 38.4 సెకన్లకు తగ్గింది. నా విరామాలు చెడిపోతాయేమోనని అడిగితే, 24 ఫ్రేముల సినిమాలను 25 ఫ్రేముల టీవీల్లో ఏళ్ల తరబడి ఇలాగే వేగం పెంచి ప్రసారం చేశారని, ఈ నాలుగు శాతం తేడాను చూసేవాళ్ల కన్ను పట్టుకోదని మేడమ్ చెప్పారు. మిగతా రెండూ 25లో ఉన్నవి కాబట్టి రీల్‌కు 25 ఎంచుకోవడమే మేలు.

హెల్మెట్ ప్రకటన గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 30 సెకన్లంటే 750 ఫ్రేములు. అందులో కథ మొదలై ముగిసిందన్నదే దాన్ని చూపించడానికి కారణం. దాన్ని మొత్తంగా పెట్టాను.

మూడు భాగాలనూ ఒకచోట చేర్చాక ధ్వని స్థాయిల పని మిగిలింది. వంటింటి మాటలు ఇంట్లో, డాక్యుమెంటరీవి ఆరుబయట రికార్డు చేసినవి, ప్రకటన మిక్స్ చాలా బిగ్గరగా ఉంది. చూసేవాళ్లు మధ్యలో ఫోన్ వాల్యూమ్ మీద చెయ్యి వేయాల్సి రాకూడదు. పీక్ మీటర్‌ను చూసి మూడింటినీ సమం చేస్తే ప్రకటనే ఇంకా పెద్దగా వినిపించింది, ఎందుకంటే పీక్ ఒకటే అయినా దాని సగటు స్థాయి ఎక్కువ. అందుకని చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే లౌడ్‌నెస్ మీటర్ పెట్టి, మూడు భాగాలనూ విడివిడిగా కొలిచి, ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ఆ కొలతలో మైనస్ 14 దగ్గరికి తెచ్చాను. యూట్యూబ్ కూడా దాదాపు ఆ స్థాయిని దాటిన ధ్వనిని తనంతట తాను తగ్గిస్తుంది. పొయ్యి దగ్గరి మౌనం ఉన్న భాగాన్ని మాత్రం ఆ అంకెకు కొంచెం కిందనే వదిలాను. అంకె కోసం పైకి లేపితే వెనుక హిస్ వినపడుతోంది.

అనుమతుల విషయం మేడమ్ ప్రత్యేకంగా గుర్తు చేశారు. షార్ట్ ఫిల్మ్ డైరెక్టర్, నటులిద్దరు, డాక్యుమెంటరీలోని పెద్దాయన, ప్రకటన చేయించిన కాలేజీ, అందరినీ అడిగి వాట్సాప్‌లో రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్నాను. పెద్దాయనకు ఆయన మనవడి ఫోన్‌లో ఆ నలభై అయిదు సెకన్లు చూపించాకే సరే అనిపించుకున్నాను. ఆయన ముఖం ఎవరెవరు చూస్తారో ఆయనకు ముందే తెలియడం న్యాయం.

ప్రతి భాగం మొదలైనప్పుడు ఎడమవైపు కింద మూడు సెకన్లపాటు ప్రాజెక్టు రకం, నా పని మాత్రమే కనిపించేలా రాశాను. షార్ట్ ఫిల్మ్‌కు ఎడిటింగ్ అని, డాక్యుమెంటరీకి ఎడిటింగ్, సౌండ్ ఎడిటింగ్ అని. మొదట నా పేరు మూడు సెకన్లు, చివర పేరు, ఫోన్ నంబరు నాలుగు సెకన్లు. వంటింటి సన్నివేశమే ముందు వస్తుంది, చాలామంది మొదటి భాగం దాటి చూడరని మేడమ్ హెచ్చరించారు కాబట్టి.

ఎక్స్‌పోర్ట్ చేసి పంపిన కాపీని ఆమె ఒకసారి ధ్వని లేకుండా, ఒకసారి తెర వైపు చూడకుండా విన్నారట. రెండు మార్పులు చెప్పారు. ప్రకటన చివర నాలుగు సెకన్లపాటు ఉన్న నినాదం కార్డులో ఎడిటింగ్ ఏమీ లేదు కాబట్టి తీసేయమన్నారు. చెన్నైకో ముంబైకో పంపేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో వేరే కాపీ చేసుకోమని, అసలు కాపీలో వాటిని అతికించవద్దని అన్నారు. రెండూ చేశాను. రీల్ ఇప్పుడు రెండు నిమిషాలకు కాస్త తక్కువగా ఉంది. దాన్ని విమియోలో పెట్టాను, ఎందుకంటే అక్కడ వీడియోను మార్చినా లింకు మారదు. యూట్యూబ్‌లో కొత్త కాపీ ఎక్కిస్తే కొత్త లింకు పంపుకోవాల్సి వస్తుంది. రీల్ లింకు కింద ఏడో సన్నివేశం పూర్తి నిడివి లింకును, ఆ సన్నివేశానికి రషెస్‌ను వరుసలో పేర్చుతూ నేను చేసిన లైనప్‌ను ఒక పేజీలో టేకుల వారీగా రాసి జత చేశాను. అసిస్టెంట్‌ను తీసుకునే ఎడిటర్లు రీల్ చూశాక మొదట అడిగేది రషెస్‌ను ఎలా సర్దుతావని కాబట్టి, ఆ పేజీ లేకుండా రీల్ పంపవద్దని ఆమె చెప్పారు.